ఆకు తడిసింది, కాయ తడవలేదు

గుడియాత్తం నుంచి ఒక పాఠకుడు రాశారు. తోటలో పండే కూరగాయలకు సొంత పేరు పెట్టి అమ్మాలని ఆయన ఆలోచన. దుకాణం ముందు కట్టే ఫ్లెక్సీకి ఫొటో కావాలని, మంచు ఆరకముందే వంగతోటకు వెళ్లారట. ఆకులన్నీ తడిసి ఉన్నాయి, కాయలు మాత్రం పొడిగా ఉన్నాయి. ఫొటో తీసే కుర్రవాడు కాయల మీద నీళ్లు చల్లుదామన్నాడు. "అసలు మంచు కాయల మీద ఎందుకు పడలేదు?" అని ఆయన ప్రశ్న.

ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ మధ్య నాకు రాలేదు. ఎందుకంటే మంచు పైనుంచి పడేదే అయితే కాయ కూడా కొంచెమైనా తడవాలి. పగలు పైకి లేచిన ఆవిరి రాత్రి చల్లబడి కిందికి దిగుతుందని అరిస్టాటిల్ నమ్మాడు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ద్యుఫే గాజు పలకలను వేర్వేరు ఎత్తుల్లో పెట్టి చూశాడు. కింది పలకలు ముందు తడిశాయి. దాంతో మంచు నేలలోంచి పైకి లేస్తుందన్న వాదం బలపడింది.

చిక్కు విడదీసింది లండన్ వైద్యుడు విలియం చార్ల్స్ వెల్స్. ఆయన ఒక చెక్కపలకను నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, ఒకే బరువున్న ఉన్నిని పైన కొంత, పలక అడుగున కొంత కట్టాడు. తెల్లారేసరికి పైది 14 గ్రెయిన్ల నీరు పట్టింది, కిందిది 4 మాత్రమే. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మంచు నేలలోంచి లేచేదైతే అడుగున ఉన్నది ఎక్కువ తడవాలి కదా! ఆకాశాన్ని చూస్తున్న వస్తువు తన వేడిని కిరణాలుగా పైకి పోగొట్టుకుంటుంది, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, అప్పుడు ఆ గాలిలోని ఆవిరే దాని మీద నీరవుతుంది. 1814లో అచ్చయిన ఆయన పుస్తకం చెప్పింది ఇదే. అంతకుముందు చాలామంది మంచు కురవడం వల్లే చలి పుడుతుందనుకున్నారు. నిజానికి చలి ముందు, మంచు తర్వాత.

ఇప్పుడు వంగతోటకు వద్దాం. ఉదాహరణకు గాలి 22 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకోండి. ఏ వస్తువైనా దాదాపు 19.4 డిగ్రీలకు చల్లబడితే దాని మీద నీరు పేరుకుంటుంది. అంటే గాలికన్నా రెండున్నర డిగ్రీలు చల్లగా ఉంటే చాలు. అరచేయంత ఆకు బరువు రెండు మూడు గ్రాములు. అందులో దాచుకున్న వేడి ఎంతని? ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిన రాత్రి అది ఇట్టే చల్లబడుతుంది. కాయ అలా కాదు. యాభై అరవై గ్రాముల బరువు, అందులో తొంభై శాతం పైగా నీళ్లే. పగటి వేడిని అది నింపుకొని ఉంటుంది. పైగా ఆకుల చాటున వేలాడుతుంది కనుక దానికి ఆకాశం కనబడదు. కనబడేదల్లా పై ఆకు, కింద ఇంకా వెచ్చగా ఉన్న నేల. రెండున్నర డిగ్రీల తేడా రాకముందే తెల్లారిపోతుంది.

మబ్బు పట్టినా, గాలి వీచినా ఆకు కూడా తడవదు. మబ్బు తన వేడిని కిందికి పంపుతుంది, గాలి ఆకుకు వెచ్చదనం అందిస్తూ ఉంటుంది. కాబట్టి వేలూరు వైపు ఈ ఫొటోకు సరైన కాలం ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి ఆకాశం తేటపడ్డాక, సంక్రాంతికి అటూ ఇటూ. ఒక జాగ్రత్త: టొమాటో ఆకు అంచున వరుసగా నిలిచే బిందువులు చాలావరకు మంచు కాదు. రాత్రి వేళ్ల ఒత్తిడికి మొక్క తన ఈనెల చివరల నుంచి బయటికి తోసిన నీరది. మంచైతే ఆకు మొహమంతా సన్నగా పరుచుకుంటుంది.

కాబట్టి కాయ మీద చిలకరింపు వద్దంటాను. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన వేలూరు ముళ్ల వంకాయ, అదే ఇలవంబాడి వంకాయ, మీ ఫ్లెక్సీలో ఉంటే ముచ్చిక మీది ముళ్లు స్పష్టంగా కనబడనివ్వండి. ఊదా వంకాయ ముచ్చికను కాస్త ఎత్తి చూస్తే కింద తొక్క పాలిపోయి ఉంటుంది. అది రోగం కాదు; చాలా రకాల్లో ఆ ఊదా రంగు పుట్టాలంటే వెలుతురు తగలాలి. గాలికి ముల్లు గీరుకుని మానిన గోధుమరంగు గీత కూడా కాయ లోపలిని చెడగొట్టదు. సూర్యుడు లేవగానే, కెమెరాను ఎండకు ఎదురుగా పెట్టి, తడి ఆకు అంచును వెలుగులో, పొడి కాయను దాని నీడలో పట్టండి.

ఫ్లెక్సీల కోసం మంచును ముద్దు చేయడం మాత్రం నాకు కష్టంగానే ఉంటుంది. ఆకు మీద తడి ఎన్ని గంటలు ఆరకుండా ఉంటే బూజు బీజాలు మొలవడానికి అంత వీలు. వంగ పండించేవారు పొద్దున్నే వెతికేది మెరిసే బిందువును కాదు, ఆకు మీద కొత్తగా వచ్చిన మచ్చను.