ఎండల్లో పని, గట్టిపడే మలం: చెమటతో పోయిన ఉప్పును కూడా భర్తీ చేయండి

ఏప్రిల్, మే నెలల్లో మామిడి కోతలకు, జీడి పిక్కల ఏరివేతకు, ఉపాధి పనులకు వెళ్లే రైతులు చాలామంది చెప్పే మాట ఒకటి ఉంది. "నీళ్లు బాగానే తాగుతున్నాను, అయినా విరేచనం సాఫీగా అవడం లేదు." మేక పెంటికల్లా రావడం, ముక్కాల్సి రావడం, రెండు మూడు రోజులకోసారి వెళ్లడం, చివర్లో మంట. దీన్ని వేడి చేసిందనుకుని ఊరుకుంటాం. అసలు జరుగుతున్నదేమిటో తెలిస్తే సగం సమస్య ఇంట్లోనే తీరుతుంది.

మనం తాగిన నీరు, తిన్న తిండిలోని నీరు, లోపల ఊరే జీర్ణరసాలు అన్నీ కలిపి రోజుకు సుమారు ఎనిమిది తొమ్మిది లీటర్లు పేగుల్లోకి చేరతాయి. అందులో ఎక్కువ భాగాన్ని చిన్నపేగే పీల్చుకుంటుంది. లీటరు, లీటరున్నర మాత్రం పెద్దపేగుకు వెళుతుంది. అక్కడ కూడా చాలావరకు రక్తంలోకి తిరిగి వెళ్లిపోగా, మలంతో బయటకు పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. మలం మెత్తగా ఉండటానికి ఆ కాస్త తేమే ఆధారం. చెమట ఎక్కువగా పోయినప్పుడు శరీరం ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. అది ఉప్పును, దాంతోపాటు నీటిని బయటకు పోనివ్వకుండా మూత్రపిండాల దగ్గరా, పెద్దపేగు దగ్గరా వెనక్కు లాగిస్తుంది. అందుకే మూత్రం చిక్కబడిన రోజుల్లోనే మలం కూడా ఎండిపోతుంది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎండకు తోడు సముద్రపు తేమ ఉంటుంది. ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు కాబట్టి శరీరం ఇంకా చెమట పట్టిస్తుంది. లీటరు చెమటలో సుమారు రెండు మూడు గ్రాముల ఉప్పు ఉంటుంది. పని అయ్యాక ఒక్కసారిగా చెంబుడు మామూలు నీళ్లు తాగితే దాహం తీరినట్టే ఉంటుంది. కానీ రక్తం పలచబడగానే దాహం ఆగిపోతుంది, ఆ నీటిలో కొంత మూత్రంగా వెళ్లిపోతుంది. నీటిని ఒంట్లో పట్టి ఉంచేది ఉప్పు.

మీకెంత పోతుందో తెలుసుకోవడానికి ఇంట్లో ధాన్యం తూచే కాటా చాలు. ఒక ఉదాహరణ చూద్దాం. ఉదయం ఆరింటికి తోటకు వెళ్లేముందు ఒక రైతు బరువు 58 కిలోలు. పదకొండింటికి వచ్చి తడి బట్టలు మార్చుకుని తూగితే 56.5 కిలోలు. మధ్యలో లీటరు నీళ్లు తాగాడు, మూత్రానికి వెళ్లలేదు. అంటే తగ్గిన కిలోన్నర, తాగిన లీటరు కలిపి సుమారు రెండున్నర లీటర్ల చెమట పోయింది. దాంతో అయిదు నుంచి ఏడున్నర గ్రాముల ఉప్పు పోయింది. ఇంకా లోటు లీటరున్నర. తాగినదంతా ఒంట్లో నిలవదు కాబట్టి దానికి రెండు లీటర్లు తాగాలి, అదీ రాత్రి వరకు విడతలుగా. రాగానే అరలీటరు ఉప్పు మజ్జిగ, భోజనానికి గ్లాసుడు గంజి, మూడింటికి అరలీటరు నీళ్లు, సాయంత్రం మళ్లీ గ్లాసు మజ్జిగ, పడుకునేలోపు అరలీటరు నీళ్లు. అన్నంతో మామూలుగా తాగే నీళ్లకు ఇది అదనం. పప్పు, పచ్చడితో తిన్న ఉప్పు మిగిలిన లోటును పూడుస్తుంది. మరుసటి రోజు పనిలో ఇరవై, ముప్పై నిమిషాలకో గ్లాసు తాగితే అసలు ఇంత లోటే రాదు.

మజ్జిగ పలచగా చేసుకోండి. గ్లాసు పెరుగుకు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి, మొత్తం మీద అర టీస్పూను ఉప్పు వేస్తే చాలు. అన్నం వార్చిన గంజిలోనూ అంతే. చోడి అంబలికి ఇంకో లాభం ఉంది. నీరు, ఉప్పుతోపాటు పీచు కూడా వస్తుంది. ఉదయం పనికి వెళ్లేముందు తాగడానికి ఇంతకన్నా మంచిది మన దగ్గర లేదని నా అభిప్రాయం. కొబ్బరి నీళ్లు మంచివే కానీ అందులో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. అందువల్ల చెమట లోటుకు అవి ఒక్కటే సరిపోవు. ఓఆర్‌ఎస్ పొట్లం నీరసం, వాంతులు, విరేచనాలు ఉన్నప్పటికి ఉంచుకోండి. పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపాలి, సగం నీటిలో కలిపితే మేలు బదులు కీడు. అది అందకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ స్పూను అంచుకు సమంగా కొలిచి కలపండి. కూల్‌డ్రింకుల్లో చక్కెర ఎక్కువ, ఉప్పు దాదాపు ఉండదు. కల్లు, సారా మూత్రాన్ని పెంచి ఉన్న నీటిని కూడా తీసేస్తాయి. టీ రెండు కప్పులు తాగితే నష్టం లేదు. నీళ్లకు బదులు టీతో సరిపెట్టడమే తప్పు.

ఒంట్లో నీరు సరిపోయాక ఇంకా ఎంత తాగినా మలం ఇంకా మెత్తబడదు, మూత్రం పెరుగుతుందంతే. మూత్రం లేత గడ్డి రంగులో ఉండి, రోజుకు నాలుగైదుసార్లు వెళుతున్నా మలం గట్టిగానే ఉంటే కారణం వేరేచోట వెతకాలి. వేసవిలో అది చాలాసార్లు పని వేళే. తెల్లవారి అయిదింటికే బయలుదేరడంతో పొద్దున వచ్చే విరేచనం అవసరాన్ని ఆపుకుంటాం. ఆపుకున్న మలం పెద్దపేగులో ఎంతసేపుంటే అంత నీరు కోల్పోతుంది. గ్లాసు వేడి గంజి తాగిన పావుగంటకు పేగు కదలడం సహజం. ఆ పావుగంట ముందు లేస్తే సరిపోతుంది. పొలంలో మరుగుదొడ్డి ఉండదని నీళ్లే తాగకుండా పనిచేసే ఆడవాళ్లకు ఈ ఇబ్బంది రెండింతలు. అందరూ కలిసి పనికి వెళ్లే చోట చాటు ఏర్పాటు గురించి మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి.

గట్టిపడింది కదా అని ఆముదం, సునాముఖి వేసుకుంటే నీళ్ల విరేచనాలై ఉన్న నీరూ పోతుంది. ఇసబ్‌గోల్ వాడితే పెద్ద గ్లాసు నీళ్లతోనే తీసుకోవాలి, నీళ్లు లేకుండా అది పేగులో గడ్డకట్టగలదు. నీరు, ఉప్పు సరిచేసిన మర్నాడే తేడా కనిపించకపోవచ్చు. రెండు మూడు రోజులు ఆగండి. నీరసంగా ఉన్న రోజున ఒంటినొప్పుల మాత్రలు కొని వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఉద్దానం ప్రాంతపు రైతులకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. క్రియాటినిన్ ఎక్కువని తేలినవారు కొబ్బరి నీళ్లు, ఉప్పు మజ్జిగ, ఓఆర్‌ఎస్ డాక్టరు చెప్పిన మేరకే తీసుకోవాలి. కొబ్బరి నీళ్లలోని పొటాషియం వారి గుండెకు ప్రమాదం. బీపీ, గుండెజబ్బు, షుగరు ఉన్నవారు, నీరు తీసే మాత్రలు వాడేవారు కూడా ఎంత ఉప్పు, ఎంత నీరు తీసుకోవచ్చో వేసవికి ముందే అడిగి తెలుసుకోండి. ఐరన్ మాత్రలతో కూడా మలం గట్టిపడుతుంది, నల్లగానూ వస్తుంది.

ఐరన్ మాత్రలు వాడకుండానే మలం నల్లగా తారులా వచ్చినా, రక్తం పడినా, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోయినా, నలభై యాభై దాటాక విరేచనం తీరు మారి బరువు తగ్గుతున్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. ఎండలో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, తూలి పడిపోయినా అది మలబద్ధకం సంగతి కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో ఏదీ పోయవద్దు.