సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి?

"స్లాబ్ పోసి వారమైందండీ, సెంట్రింగ్ విప్పేస్తాం" అని మేస్త్రి అంటే చాలామంది ఇంటివాళ్లు సరేనంటారు. ఆ వారం లెక్క ఊరికే పుట్టలేదు. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం 4.5 మీటర్లలోపు స్పాన్ ఉన్న స్లాబ్ కింద ప్రాప్స్ కనీసం 7 రోజులుండాలి, అంతకు మించితే 14 రోజులు. బీముల కిందైతే 6 మీటర్ల వరకు 14, ఆపైన 21 రోజులు. స్లాబ్ బరువు బీము మీదికే వస్తుంది గనుక దానికి గడువెక్కువ. కాకపోతే ఈ గడువులన్నీ ఓపీసీ సిమెంటు వాడి, నీళ్లు బాగా పట్టి, వాతావరణం 15 డిగ్రీలకు తగ్గనప్పుడే చెల్లుతాయి.

అసలు చూడవలసింది బలం. ప్రాప్స్ తీసిననాడు కాంక్రీటు మీద పడే ఒత్తిడికి కనీసం రెట్టింపు బలం దానికి వచ్చి ఉండాలి. సిమెంటు గట్టిపడటం రసాయన చర్య, చలిలో అది మందగిస్తుంది. అందుకే ఇంజనీర్లు సగటు ఉష్ణోగ్రతకు 10 కలిపి, రోజులతో హెచ్చవేస్తారు. 15 డిగ్రీల్లో 7 రోజులకు 175 వస్తుంది. 10 డిగ్రీల్లో రోజుకు 20 చొప్పున అదే 175 రావాలంటే దాదాపు 9 రోజులు పడుతుంది.

అరకులో చలికాలంలో ఇల్లు కడుతున్నారనుకుందాం. సగటు 10 డిగ్రీలు, స్లాబ్ స్పాన్ 4 మీటర్లు, బీము 5 మీటర్లు, వాడింది పీపీసీ. పీపీసీ బలం నెమ్మదిగా పుంజుకుంటుంది కాబట్టి గడువును ఏడుకు పది పాళ్ల లెక్కన పెంచుతారు: 7 కాస్తా 10, 14 కాస్తా 20. దానిపై చలి లెక్క వేస్తే స్లాబ్‌కు 13, బీముకు 25 రోజులు. ఇది అంచనాయే. తేల్చేది క్యూబుల పరీక్ష. ఆ క్యూబులను లేబొరేటరీ తొట్టిలో కాకుండా స్లాబ్ పక్కనే, అదే చలిలో ఉంచాలి. లేకపోతే అవి స్లాబ్‌కు లేని బలాన్ని చూపిస్తాయి.

1978 ఏప్రిల్ 27న అమెరికాలోని విల్లో ఐలండ్‌లో కడుతున్న కూలింగ్ టవర్ కూలి 51 మంది చనిపోయారు. ముందురోజు పోసిన కాంక్రీటు తగినంత బలం పుంజుకోకముందే దాని మీద పరంజా బరువు పడింది.

మన ఇళ్లలో తొందరపాటు ఇంత ఘోరంగా కనిపించకపోవచ్చు. స్లాబ్ నడుమ కుంగుతుంది, అడుగున సన్నని బీటలు వస్తాయి. తర్వాత కాంక్రీటు గట్టిపడినా ఆ కుంగు పూర్తిగా పోదు. ప్రాప్స్ తీసేముందు నడుమ నేల నుంచి స్లాబ్ దాకా ఎత్తు కొలిచి, తీశాక మళ్లీ కొలిస్తే ఎంత కుంగిందో తెలుస్తుంది. విప్పే వరుస కూడా ముఖ్యమే. రెండువైపులా ఆధారమున్న స్లాబ్‌కు నడుమ నుంచి అంచులకు, సన్‌షేడ్‌కు, బాల్కనీకి బయటి కొస నుంచి గోడవైపుకు వదులు చేసుకుంటూ రావాలి.

స్లాబ్ పోసిన తేదీ, సిమెంటు రకం గోడ మీద రాయించండి. క్యూబుల ఫలితం చూసి ఇంజనీర్ సరేనన్నాకే ప్రాప్స్ మీద చెయ్యి వేయనివ్వండి.