‘పని మీద వస్తారు’ అంటే చాలదు

గుంటూరు: మిర్చి కొనుగోలుకు మలేషియా నుంచి ఇద్దరు వర్తకులు రానున్నారు. వారి వ్యాపార వీసాకు ఇక్కడి ఎగుమతిదారు ఇంగ్లీషులో ఆహ్వాన లేఖ పంపాలి. యజమాని తెలుగు చీటీలో ఉన్నవి మూడే: పేర్లు, ‘పని మీద వస్తారు’, ‘ఖర్చు మనదే’.

గుమాస్తా ‘ఫర్ వర్క్’ అని టైపు చేస్తే ఉద్యోగమని అర్థం వస్తుంది. దాని వీసా వేరు. ‘కోల్డ్ స్టోరేజీలో తేజ సరుకు చూసి ధర మాట్లాడేందుకు’ అని తేదీలతో సహా వ్రాయాలి. యజమాని లెక్కలో ఖర్చంటే బస, కారు మాత్రమే. ‘ఆల్ ఎక్స్‌పెన్సెస్’ అంటే విమానం టిక్కెట్టు కూడా నెత్తిన పడుతుంది. పేర్లను చీటీ నుంచి కాక, పాస్‌పోర్టు నకలు చూసి అక్షరం పొల్లుపోకుండా దింపాలి. సంతకానికి ముందు లేఖను యజమానికి తెలుగులో చెప్పి వినిపిస్తే తేడా అక్కడే బయటపడుతుంది.