ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతానంటే

తెనాలిలో ఇద్దరు స్నేహితులు చెరిసగం పెట్టుబడితో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నారనుకుందాం. ఒకాయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతానన్నాడు. రెండో ఆయన షాపు వదలనన్నాడు. "అయితే నా లెక్క తేల్చరా" అన్న దగ్గరే స్నేహాలు చెడతాయి. బ్యాలెన్స్ షీట్‌లో అంకెను సగం చేసి ఇస్తే ఒకరు తప్పకుండా నష్టపోతారు.

ఓ ఆదివారం షాపు మూసి, ఇద్దరూ కలిసి ర్యాకు ర్యాకూ చూడాలి. పుస్తకాల్లో సరుకు 40 లక్షలు. కానీ వెనక గదిలో గడువు దాటిన పెయింటు డబ్బాలు, ఎవరూ అడగని పాత మోడల్ కుళాయిలు తీసేస్తే మిగిలింది 35. ఖాతాదారుల బాకీలు 18 లక్షల్లో 3 లక్షలు ఇక రావని ఇద్దరికీ తెలుసు. అది 15. నగదు, అద్దె అడ్వాన్సు, ఫర్నిచర్ కలిపి మరో 10. మొత్తం 60 లక్షలు. బ్యాంకు ఓడీ, సరుకిచ్చినవాళ్ల బాకీ 24 పోతే 36 మిగులుతుంది. సగం 18 లక్షలు.

ఇక గుడ్‌విల్. గొడవంతా ఇక్కడే. మూడేళ్ల సగటు లాభం 18 లక్షలని, దాన్నంతా షాపు పేరుకే కట్టబెట్టకూడదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇద్దరూ చేసిన పనికి జీతం కడితే 10 లక్షలు. 36 లక్షల పెట్టుబడికి పది శాతం చొప్పున 3.6 లక్షలు. మిగిలిన 4.4 లక్షలే ఆ పేరు సంపాదించింది. దానికి రెండేళ్ల విలువ కడదామని ఒప్పుకుంటే 8.8 లక్షలు, సగం 4.4. రెండేళ్లా మూడేళ్లా అన్నది చట్టం చెప్పదు, ఇద్దరూ తేల్చుకోవాలి. వెళ్లే ఆయన ఎదురుగానే మరో షాపు పెడితే ఆ పేరుకు విలువే ఉండదు. అందుకే కొంతకాలం ఆ చుట్టుపక్కల ఇదే వ్యాపారం పెట్టనన్న షరతు రాయించుకోవాలి.

వాటా 22.4 లక్షలైంది. ఒకేసారి ఇస్తే షాపులో సరుకుండదు. సంతకం రోజున 10.4 లక్షలు, మిగతా 12 లక్షలు నెలకు 50 వేల చొప్పున రెండేళ్లు, వడ్డీతో ఇస్తే షాపు తట్టుకుంటుంది. వాయిదా తప్పితే ఏం చేయాలో కూడా రాయాలి.

ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు తప్పుకుంటే, ఆ భాగస్వామ్యమే ఉండదు. కొనసాగాలంటే ముందే భార్యనో కొడుకునో చేర్చుకోవాలి, లేదా సొంత వ్యాపారంగా మార్చుకుని జీఎస్టీ రిజిస్ట్రేషన్ కొత్తగా తీసుకోవాలి. రిజిస్టరైన సంస్థయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేసి, గెజిట్‌లోనూ స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన ఇవ్వాలి. ఇవ్వకపోతే, ఆయనింకా పార్ట్‌నరే అనుకుని సరుకిచ్చిన వ్యాపారి ఆయన్నీ బాకీ అడగొచ్చు. బ్యాంకు సంగతి వేరు. ఇద్దరూ ఏం రాసుకున్నా దానికి పట్టదు. ఓడీ కాగితాల్లోంచి తన పూచీ తీసేసినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా వెళ్లే ఆయన హైదరాబాద్ బస్సెక్కకూడదు.