కంటిపాప వెనక తొంగిచూసిన గాజుపలక

కంటిపాప నల్లగా ఎందుకుంటుంది? లోపలికి వెళ్ళిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ దారిలో మనం తలపెడితే దీపానికి మన తలే అడ్డం. ఈ చిక్కును 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పలుచని గాజుపలకలతో విప్పాడు. ఏటవాలుగా పెట్టిన పలకల మీద పడి దీపం వెలుగు రోగి కంట్లోకి మళ్ళింది. తిరిగి వచ్చిన వెలుగులో కొంత గాజును దాటి వైద్యుడి కంటికి చేరింది. అంతకు మూడేళ్ళ ముందే ఆంగ్ల గణితవేత్త బాబేజ్ ఇలాంటి పరికరమే చేసి లండన్‌లో ఒక కంటి వైద్యుడికి చూపించాడు. ఆ వైద్యుడు పట్టించుకోలేదు. పాపం, పేరు హెల్మ్‌హోల్ట్జ్‌కే దక్కింది.

కొద్ది ఏళ్ళకే వియన్నాలో కంటి వైద్యుడు ఎడ్వర్డ్ యేగర్ మధుమేహ రోగి రెటీనా మీద పసుపు మచ్చలు, నెత్తుటి చుక్కలు చూశాడు. అవి ఎందుకొస్తాయో తేలడానికి మాత్రం శతాబ్దం పట్టింది. 1961లో పరిశోధకులు కోగన్, కువబారాల బృందం చనిపోయినవారి రెటీనాలను జీర్ణరసంలోని ఒక ఎంజైముతో కరిగించి, రక్తనాళాల వల మాత్రం మిగిల్చి పరిశీలించింది. సన్నని నాళాలను బయటి నుంచి పట్టి ఉంచే పెరిసైట్లనే కణాలు మధుమేహుల్లో చచ్చిపోయి కనిపించాయి. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న చక్కెరే వాటిని చంపుతుంది. పట్టు పోయిన చోట, సైకిలు ట్యూబు బలహీనపడ్డ చోట ఉబ్బినట్టు, నాళం బుడిపె కడుతుంది. బుడిపెలోంచి రక్తం, కొవ్వు కారతాయి. మరికొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా కొత్త నాళాలను పుట్టించే సంకేతం పంపుతుంది. అలా పుట్టే నాళాలు పెళుసువి. అవి చిట్లితే కన్ను నెత్తురుతో నిండుతుంది.

మధుమేహులకు ఏడాదికోసారి చేసే కంటి పరీక్షలో వెతికేది ఈ వరుసనే. 1926లో జైస్ కంపెనీ తెచ్చిన ఫండస్ కెమెరాకు వారసులే నేటి కెమెరాలు. ఇంగ్లండ్ పద్ధతిలో ఒక్కో కంటికి రెండు ఫొటోలు తీస్తారు: ఒకటి చూపుకు కేంద్రమైన మాక్యులా మీద, ఇంకొకటి నరం బయలుదేరే చోట.

ఒక ఫొటో ఊహించండి. అక్కడక్కడా నాలుగు బుడిపెలు, అంతే. అలాంటి రోగిని మళ్ళీ ఏడాదికి రమ్మంటారు. మరో ఫొటోలోనూ బుడిపెలు తక్కువే, చూపు 6/6. కానీ మాక్యులా నడిబొడ్డుకు దగ్గర్లో పసుపు కొవ్వు మచ్చలున్నాయి. ఈ రోగినే నిపుణుడి దగ్గరికి పంపాలి, ఎందుకంటే అక్కడ నీరు చేరి ఉండొచ్చు. ఫొటోకు రెటీనా మందం తెలియదు, దాన్ని ఓసీటీ స్కాన్ కొలుస్తుంది. శుక్లం ముదిరితే ఫొటోయే మసకబారుతుంది. అప్పుడు వైద్యుడు స్వయంగా చూడాల్సిందే.

టైప్ 2 మధుమేహం బయటపడగానే తొలి పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే అది ఎన్నాళ్ళుగా లోపల ఉందో ఎవరికీ తెలియదు. టైప్ 1 వారికి సాధారణంగా అయిదేళ్ళ గడువుంది. పరీక్ష కోసం కంట్లో చుక్కల మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి ఆ రోజు బండి నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.