బయోస్ అప్‌డేట్ వచ్చిందా? నొక్కేముందు ఇది చూసుకోండి

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు పని మొదలుపెట్టేది బయోస్. ఇది మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటుంది కాబట్టి విండోస్ ఫార్మాట్ కొట్టినా దానిలోని లోపాలు పోవు. స్లీప్ నుంచి లేవకపోవడం, ఫ్యాన్ ఊరికే తిరగడం లాంటివి కొన్నిసార్లు అప్‌డేట్‌తోనే సర్దుకుంటాయి. భద్రతా లోపాలూ అంతే. 2023 డిసెంబరులో బయటపడ్డ లోగోఫెయిల్‌లో తప్పు, ఆన్ కాగానే కనిపించే కంపెనీ లోగో బొమ్మను చదివే కోడ్‌లోనే ఉంది. అది యాంటీవైరస్‌తో సరయ్యేది కాదు.

అయితే బ్యాటరీ పాడైపోయి, కేవలం ఛార్జర్ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ జోలికి పోవద్దు. మధ్యలో కరెంటు పోతే చిప్‌లో కోడ్ సగమే ఎక్కుతుంది, ఆ తర్వాత స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు. రికవరీ సదుపాయం లేని మోడల్ అయితే రిపేర్ షాపులో చిప్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేయించాల్సిందే.

చాలామంది ఇరుక్కునేది మాత్రం బిట్‌లాకర్ దగ్గర. బయోస్ మారగానే అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు. అందుకే ముందుగా aka.ms/myrecoverykey లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, కీ కాగితం మీద రాసుకోవాలి. అక్కడ కనిపించకపోతే, దొరికేదాకా అప్‌డేట్ ఆపేయడమే మంచిది.