ఎన్నో పదం దగ్గర ఆపాలి?

1 + 1/2 + 1/3 + 1/4 ఇలా కూడుకుంటూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా? కాలిక్యులేటర్ చేతికిచ్చి అడిగితే చాలామంది ఆగుతుందనే అంటారు. పది లక్షల పదాలు కూడితే వచ్చేది సుమారు 14.39. ఆ పైన కలపబోయే ప్రతి పదమూ పది లక్షల్లో ఒక వంతు కంటే చిన్నది. అంత చిన్నవాటిని కలిపినా కలపకపోయినా ఒకటే కదా అనిపిస్తుంది. కానీ ఈ మొత్తం ఎక్కడా ఆగదు. 20 దాటడానికి 27 కోట్లకు పైగా పదాలు కావాలి, అయినా దాటుతుంది. 100 కూడా దాటుతుంది, చూడడానికి ఎవరూ మిగలకపోవచ్చు గానీ.

దీనికి నిరూపణ ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ పద్నాలుగో శతాబ్దంలోనే ఇచ్చాడు. 1/3, 1/4 కలిపితే అర కంటే ఎక్కువ. తర్వాతి నాలుగు పదాలు, 1/5 నుంచి 1/8 దాకా కలిపితే మళ్లీ అర కంటే ఎక్కువ. ఆ తర్వాతి ఎనిమిదీ అంతే. గుంపు పెద్దదవుతూ ఉంటుంది, ప్రతి గుంపూ కనీసం అర ఇస్తూనే ఉంటుంది. అరలు ఎన్నైనా దొరుకుతుంటే మొత్తానికి హద్దెక్కడిది?

ఇదే కూడికను కంప్యూటర్‌కు అప్పగిస్తే తమాషా జరుగుతుంది. ‘సింగిల్ ప్రెసిషన్’ అనే తక్కువ ఖచ్చితత్వపు సంఖ్యలతో మొదటి పదం నుంచి వరసగా కూడిస్తే మొత్తం 15.4 దగ్గర బిగుసుకుపోతుంది. 8కీ 16కీ మధ్య ఆ పద్ధతిలో రాయగలిగిన పక్కపక్క సంఖ్యల ఎడం దాదాపు పది లక్షల్లో ఒక వంతు. కలపబోయే పదం ఆ ఎడంలో సగానికి తగ్గగానే యంత్రం దాన్ని సున్నా కిందే లెక్కేస్తుంది. 20,97,152వ పదం దాటాక ఎన్ని కోట్ల పదాలు కలిపినా అంకె కదలదు. తెర మీద జవాబు స్థిరంగా కనిపిస్తుంది. అది జవాబు కాదు, యంత్రం చూపు అక్కడితో ఆగిపోయిందంతే.

కాబట్టి పదం చిన్నదైపోయిందన్నదీ, తెర మీది అంకె మారడం లేదన్నదీ సాక్ష్యాలు కావు. అడగాల్సినవి వేరే రెండు ప్రశ్నలు. ఈ శ్రేణి ఒక సంఖ్య దగ్గరికి చేరుతుందా? చేరితే, మనం ఆపిన చోటికీ ఆ సంఖ్యకూ మధ్య మిగిలిన దూరం ఎంత? మొదటిదాన్ని అభిసరణ పరీక్ష తేలుస్తుంది. రెండోది దోషానికి హద్దు కట్టడం. క్లాసులో మొదటిదానికే మార్కులన్నీ పోతాయి. లెక్కతో పనున్నవాడికి కావాల్సింది రెండోది.

డిగ్రీ పుస్తకాల్లో మొదట వచ్చేది నిష్పత్తి పరీక్ష, అందరూ రేషియో టెస్ట్ అనేది. ప్రతి పదాన్నీ దాని ముందు పదంతో భాగించి, గుర్తులు పక్కనపెట్టి చూడాలి. దూరం పోయేకొద్దీ ఆ నిష్పత్తి 1 కంటే తక్కువైన ఒక విలువకు చేరువైతే శ్రేణి అభిసరిస్తుంది. 1 కంటే ఎక్కువైన విలువకు చేరువైతే అభిసరించదు. సరిగ్గా 1కే చేరువైతే పరీక్ష నోరు మెదపదు. పైన చూసిన శ్రేణిలో నిష్పత్తి n/(n+1), అది 1కి చేరుతుంది. 1 + 1/4 + 1/9 + 1/16 అంటూ వర్గాలతో సాగే శ్రేణిలోనూ నిష్పత్తి 1కే చేరుతుంది. మొదటిది ఎక్కడా ఆగదు, రెండోది π²/6 దగ్గర ఆగుతుందని ఆయిలర్ చూపించాడు. 1 వచ్చిందంటే ఇంకో దారి వెతుక్కోవాలని మాత్రమే అర్థం. విద్యార్థులు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే, 1 రాగానే ‘అపసరణం’ అని రాసేస్తారు.

మూల పరీక్ష దీనికి అన్నలాంటిది. n వ పదానికి n వ మూలం తీసి, అది 1 కంటే తక్కువకు చేరుతుందా, ఎక్కువకా అని చూస్తుంది. 1/4 + 1/2 + 1/16 + 1/8 + 1/64 + 1/32 అనే శ్రేణిని చూడండి. నిష్పత్తి ఒకసారి 2, ఒకసారి 1/8, మళ్లీ 2, ఇలా గెంతుతూ ఏ విలువ దగ్గరా కుదురుకోదు. n వ మూలం మాత్రం నెమ్మదిగా 1/2కు చేరుతుంది, శ్రేణి అభిసరిస్తుందని తేలిపోతుంది. నిజానికి ఇది 1/2 + 1/4 + 1/8 అనే పాత శ్రేణే, జంటల్లో ముందు వెనకలు మార్చారంతే. మొత్తం 1. నిష్పత్తికి ఒక అవధి దొరికితే మూలానికీ అదే దొరుకుతుంది కాబట్టి, మూల పరీక్ష అవసరం ఇలాంటి గెంతులున్నప్పుడూ, పదం మొత్తం n వ ఘాతంలో ఉన్నప్పుడూ ఎక్కువ.

ఇక ఆపడం సంగతి. సహజ లాగరిథమ్‌ల ఆధార సంఖ్య e విలువ 1 + 1 + 1/2! + 1/3! అంటూ వస్తుంది. 1/7! దాకా కూడి ఆపామనుకోండి. వచ్చేది 2.718254. వదిలేసిన వాటిలో మొదటిది 1/8!, అంటే 0.0000248. అక్కడి నుంచి ప్రతి పదమూ ముందుదానిలో తొమ్మిదో వంతుకు మించదు. కాబట్టి వదిలేసినవన్నీ కలిపినా 1/9 నిష్పత్తితో సాగే గుణశ్రేణి మొత్తాన్ని దాటలేవు. మొదటి పదాన్ని 1 − 1/9తో భాగిస్తే ఆ మొత్తం 0.0000279. అసలు దోషం 0.00002786. హద్దు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. ఇంకొకటి కూడా చూడాలి. దోషం వదిలేసిన మొదటి పదం కంటే పెద్దది. పదాలన్నీ ధనాత్మకమైనప్పుడు ‘తర్వాతి పదం కంటే దోషం తక్కువే’ అనుకుంటే దెబ్బతింటాం.

ఆ మాట చెల్లేది వేరే చోట. కూడిక, తీసివేత ఒకదాని తర్వాత ఒకటి వస్తూ, పదాల పరిమాణం ప్రతి అడుగులో తగ్గుతూ, సున్నాకు చేరుతుంటే దాన్ని లైబ్నిట్జ్ పరీక్ష నెగ్గిన ఏకాంతర శ్రేణి అంటాం. ఒక అడుగు జవాబును దాటేస్తుంది, తర్వాతి అడుగు దానికి ఇవతలే ఉండిపోతుంది. జవాబు ఎప్పుడూ చివరి రెండు మొత్తాల మధ్య చిక్కుకుని ఉంటుంది. కాబట్టి దోషం వదిలేసిన మొదటి పదాన్ని మించదు. ‘ప్రతి అడుగులో తగ్గుతూ’ అన్న షరతు అలంకారానికి పెట్టింది కాదు. 1 − 1/4 + 1/3 − 1/16 + 1/5 − 1/36 అని సాగే శ్రేణిలో గుర్తులు మారుతున్నాయి, పదాలు సున్నాకూ చేరుతున్నాయి. అయినా తీసేవి మరీ చిన్నవి, కూడేవి పెద్దవి, మొత్తం హద్దు లేకుండా పెరిగిపోతుంది.

ఏకాంతర శ్రేణుల్లో పేరున్నది π/4 = 1 − 1/3 + 1/5 − 1/7 అనేది. లైబ్నిట్జ్ పేరు మీద పుస్తకాల్లో ఉన్నా, అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే కేరళలోని సంగమగ్రామానికి చెందిన మాధవుడి శిష్యపరంపరకు తెలుసు. ఆ పరంపరలోని జ్యేష్ఠదేవుడు పదహారో శతాబ్దంలో మలయాళంలో రాసిన ‘యుక్తిభాష’లో దీనికి ఉపపత్తి కూడా ఉంది. లెక్కకు మాత్రం ఇది మహా మొండి శ్రేణి. నిష్పత్తి 1కి చేరుతుంది కాబట్టి నిష్పత్తి పరీక్ష దీని ముందు మూగబోతుంది, అభిసరణం లైబ్నిట్జ్ పరీక్షతోనే తేలాలి. π దోషం 0.005 లోపు ఉంటుందని ఆ పరీక్ష హద్దుతో హామీ ఇవ్వాలంటే 400 పదాలు కూడాలి.

మాధవుడి దగ్గర ఇంకో శ్రేణి ఉంది: π = √12 (1 − 1/(3·3) + 1/(5·3²) − 1/(7·3³) + …). ఇక్కడ నిష్పత్తి 1/3కు చేరుతుంది, అంటే ప్రతి అడుగుకూ దోషం దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. చేత్తో కూడి చూడొచ్చు. మొదటి మొత్తం 3.464102. తర్వాత 3.079201, 3.156181, 3.137853, 3.142605, 3.141309. ఆరు పదాలకే π అనేది 3.1413కీ 3.1427కీ మధ్య ఇరుక్కుపోయింది. 21 పదాలు కూడితే వదిలేసిన మొదటి పదం √12/(43·3²¹). అంటే దోషం పదకొండో దశాంశ స్థానంలోని ఒక్క అంకె కంటే తక్కువ. వ్యాసం 9,00,00,00,00,000 అయితే చుట్టుకొలత 28,27,43,33,88,233 అని మాధవుడు చెప్పినట్టు నీలకంఠుడు రాశాడు. ఆ భాగహారం నేటి π విలువతో అంతే దూరం కలుస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. √12ను 3.464 అని తీసుకుంటే ఎన్ని పదాలు కూడినా 3.1415 దాటి ఒక్క అంకె కూడా సరిగా రాదు. ఆపడం వల్ల వచ్చే దోషం వేరు, మొదట తీసుకున్న సంఖ్యల్లోని దోషం వేరు. పరీక్షలు హద్దు కట్టేది మొదటిదానికే. 21 పదాల శ్రమ దక్కాలంటే √12ను కూడా పన్నెండు, పదమూడు దశాంశాల దాకా ముందే సిద్ధం చేసుకోవాలి.

మొండి శ్రేణినీ ఆ పండితులు వదల్లేదు. పది పదాలు కూడి నాలుగుతో గుణిస్తే 3.041840. వదిలేసిన మొదటి పదం 4/21, అంటే 0.1905. హద్దు చెప్పేది దోషం దీన్ని దాటదనే. అసలు దోషం 0.09975, దాదాపు అందులో సగం. ఏకాంతర శ్రేణుల్లో పదాలు మెల్లగా తగ్గుతున్నప్పుడు ఇలాగే ఉంటుంది, జవాబు రెండు మొత్తాలకూ ఇంచుమించు నడిమధ్యనే పడుతుంది. మరి మిగిలిన ఆ దోషాన్నే అంచనా కట్టి కలిపేస్తే? మాధవుడి పరంపర చేసింది అదే. n పదాల తర్వాత ‘అంత్యసంస్కారం’గా 1/(4n) కలపమన్నారు, ఇంకా మెరుగైనది కావాలంటే n/(4n² + 1). ఎన్నో పదం దగ్గర ఆగామన్నదాన్ని బట్టి గుర్తు మారుతుంది. పది పదాల దగ్గర కూడాలి. మొదటిదాన్ని నాలుగుతో గుణించి కలిపితే 3.141840, రెండోదానితో 3.141590. అదే పది పదాలతో దోషం పదోవంతు నుంచి పది లక్షల్లో రెండు, మూడు వంతులకు దిగింది. వాళ్లు చెప్పిన మూడో సంస్కారం (n² + 1)/(4n³ + 5n) వాడితే 3.1415927 దాకా సరిపోతుంది.